ప్లాన్లో తలుపు ఎక్కడుంది?

ఇల్లు కట్టుకునేవాళ్ల చేతికి ఇంజినీరు రెండు మూడు ప్లాన్లు ఇస్తాడు. ఫ్లాటు కొనేవాళ్లకు బిల్డరు నుంచి ఫోన్లో రంగురంగుల బొమ్మలు వస్తాయి. ఇంటిల్లిపాదీ కూర్చుని వాటిని పక్కపక్కన పెట్టి చూసేది సాధారణంగా ఒక్కటే, గదుల కొలతలు. ఇందులో హాలు పద్దెనిమిది పన్నెండు, అందులో పదహారు పన్నెండు. ఇందులో బెడ్‌రూమ్ పెద్దది, అందులో వంటగది పెద్దది. ఏది పెద్దదైతే ఆ ప్లాను మంచిదనేసుకుంటారు. కానీ ఒక ఇంట్లో నడక సాఫీగా ఉంటుందా, వెలుగు దక్కుతుందా, జాగా వృథా పోతుందా అన్నవి గది కొలతల్లో కనిపించవు. ఈ మూడింటినీ విడివిడిగా లెక్కపెట్టాలని చాలామంది అనుకుంటారు. మొదట చూడాల్సింది మాత్రం ఒక్కటే: తలుపు గోడలో ఎక్కడ పడింది? నడిచే దారిని అదే నిర్ణయిస్తుంది. దారి పోగా మిగిలిన జాగాలో సామాను సర్దుతాం. ఆ సామాను వచ్చి కిటికీకి అడ్డం నిలబడుతుందా, పక్కకు ఒదుగుతుందా అన్నదాన్ని బట్టి వెలుగు మిగులుతుంది. మూడు ప్రశ్నలకూ మొదలు తలుపు దగ్గరే ఉందన్నది ఈ ప్రసంగంలో నేను నిలబెట్టదలచిన మాట.

పోల్చే ముందు ఒక పని చేసుకోవాలి. ఫోన్లో వచ్చిన రెండు బొమ్మలు ఒకే స్కేలులో ఉండవు. చిన్న ఇంటి బొమ్మ తెర నిండా పరుచుకుని పెద్దదిగా కనిపిస్తుంది, పెద్ద ఇంటి బొమ్మ కుంచించుకుపోయి ఇరుగ్గా అనిపిస్తుంది. పైగా అమ్మకానికి వేసిన బొమ్మల్లో మంచాలు, సోఫాలు అసలు కొలత కన్నా చిన్నగా గీసి ఉండొచ్చు. అలాంటప్పుడు పదడుగుల గది కూడా విశాలంగా కనబడుతుంది. దీన్ని పట్టుకోవడం తేలికే. గది కొలత బొమ్మ మీద రాసే ఉంటుంది కదా. స్కేలు పెట్టి ఆ గదినీ, అందులోని మంచాన్నీ కొలిచి చూడండి. మన మంచం పొడవు ఆరున్నర అడుగులు. బొమ్మలో అది ఐదడుగులకే సరిపోతే, ఆ బొమ్మలో సామాను చుట్టూ ఎంత ఖాళీ చూపించినా నమ్మనక్కర్లేదు. ఇక రెండు ప్లాన్లనూ గళ్ల కాగితం మీద మీరే తిరిగి గీసుకోండి. అడుగుకు పావు అంగుళం చొప్పున గీస్తే ముప్ఫై రెండు అడుగుల ఇల్లు ఎనిమిది అంగుళాల్లో ఇమిడిపోతుంది. గోడలు సిరాతో, తలుపులు పెన్సిలుతో గీయండి. పెన్సిలు ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది.

ఇప్పుడు ఒక ఇల్లు తీసుకుందాం. కాగితం దగ్గరుంటే నాతోపాటు గీయండి. స్థలం ముప్ఫై అడుగుల వెడల్పు, నలభై అడుగుల లోతు. అంటే 133 గజాలు, మన ఊళ్లలో లేఅవుట్లలో తరచూ కనిపించే స్థలమే. రోడ్డు తూర్పున ఉంది. ముందు ఐదడుగులు, మిగతా మూడు వైపులా మూడేసి అడుగులు వదిలామనుకుందాం. కట్టడం తూర్పు పడమరలుగా 32 అడుగులు, ఉత్తర దక్షిణాలుగా 24 అడుగులు వస్తుంది. బయటి గోడలు తొమ్మిది అంగుళాలవి, లోపలి గోడలు నాలుగున్నర అంగుళాలవి. ఈశాన్యంలో హాలు, తూర్పు పడమరలుగా 18 అడుగులు, వెడల్పు 12. దాని వెనక వాయవ్యంలో పన్నెండుకు పన్నెండు పడకగది. ఆగ్నేయంలో వంటగది, తొమ్మిదికి పది. నైరుతిలో పెద్దవాళ్ల పడకగది, పన్నెండుకు పది. వంటగదికీ ఈ పడకగదికీ మధ్య దక్షిణపు గోడకు ఆనుకుని రెండు బాత్రూంలు. వంటగది వైపుది అందరికీ, పడమటిది నైరుతి గదికి. బాత్రూంల ముందు మూడున్నర అడుగుల లోతున, ఎనిమిదీ ముప్పావు అడుగుల పొడవున చిన్న ప్యాసేజీ. అది హాల్లోకి తెరుచుకుని ఉంటుంది. దాని పడమటి కొసన నైరుతి గది తలుపు, దక్షిణాన బాత్రూం తలుపు. సింహద్వారం తూర్పు గోడలో, ఉత్తరపు మూలకు అడుగు దూరంలో. మన దగ్గర రెండు ప్లాన్లున్నాయి. గోడలు, గదులు, కిటికీలు రెండింటిలోనూ అచ్చంగా ఒకటే. తేడా రెండే రెండు తలుపుల్లో.

మొదటి ప్లాన్లో వంటగది తలుపు తూర్పు గోడకు రెండడుగుల దూరంలో ఉంది, అంటే హాలు ముందు భాగంలో. వాయవ్యపు గది తలుపు హాలు పడమటి గోడకు సరిగ్గా నడిమధ్య ఉంది. బొమ్మలో చూడటానికి ఇది చాలా పొందికగా కనిపిస్తుంది, తలుపుకు అటూ ఇటూ సమానంగా గోడ. రెండో ప్లాన్లో వంటగది తలుపు నాలుగడుగులు పడమటికి జరిగి, ప్యాసేజీ పక్కకు చేరింది. వాయవ్యపు గది తలుపు నాలుగడుగులు దక్షిణానికి జరిగి, గోడ చివరన, అదీ ప్యాసేజీ పక్కకే చేరింది. ఇప్పుడు రంగు పెన్సిలు తీసుకుని రెండింటిలోనూ నడక గీతలు గీయండి. సింహద్వారం నుంచి ఒక్కో గదికి, పడకగదుల నుంచి వంటగదికి, వంటగది నుంచి బాత్రూంకి. గీతకు మూడడుగుల వెడల్పు ఇవ్వండి. మనిషి చేతిలో పళ్లెం పట్టుకుని నడవడానికి అంత కావాలి. గీసేటప్పుడు ఇంకొకటి గుర్తుపెట్టుకోండి: అన్ని దారులూ ఒకేలా అరిగేవి కావు. సింహద్వారం నుంచి లోపలికి నడిచేది రోజుకు కొన్నిసార్లే. వంటగది, పడకగది, బాత్రూంల మధ్య తిరుగుడు మాత్రం తెల్లవారి లేచింది మొదలు పడుకునేదాకా సాగుతూనే ఉంటుంది. ఎక్కువసార్లు నడిచే దారిని లావుగా గీయండి.

మొదటి ప్లాన్లో ఆ లావు గీత ఎక్కడ పోయిందో చూడండి. ప్యాసేజీలోంచి బయటికొచ్చి, హాలు దక్షిణపు గోడ పొడుగునా ముందుకు నడిచి, తూర్పు గోడ దగ్గర వంటింట్లోకి మలుపు తిరిగింది. కూర్చునే చోటంతా దాని దారిలో ఉంది. తూర్పు గోడకు సోఫా వేద్దామంటే, మూడడుగుల సోఫా వంటగది గుమ్మానికి అడుగు మేర అడ్డం వస్తుంది. దక్షిణపు గోడకు వేద్దామంటే, తలుపుకు ఒకపక్క రెండడుగులు, ఇంకోపక్క నాలుగడుగులు గోడ మిగిలింది. ముగ్గురు కూర్చునే సోఫా ఏ ముక్కకూ ఆనదు. సింహద్వారం నుంచి వాయవ్యపు గదికి పోయే దారి హాలు పైభాగంలో ఏటవాలుగా మరో చారిక తీస్తుంది. వచ్చిన చుట్టం హాల్లో కూర్చుంటే, వంటగదికి వెళ్లే ప్రతి మనిషీ అతని మోకాళ్ల ముందు నుంచే వెళ్లాలి. రెండో ప్లాన్లో లావు గీత హాలు పడమటి సగంలో, ప్యాసేజీ మూతి దగ్గరే ఆగిపోతుంది. వంటగది, రెండు పడకగదులు, బాత్రూం అన్నీ ఆ పది అడుగుల లోపే కలుస్తాయి. ముందు భాగంలో ఆగ్నేయపు మూల ఒక్క తలుపూ లేకుండా మిగిలింది. దక్షిణపు గోడ ఆరడుగులు, తూర్పు గోడ ఏడున్నర అడుగులు. మూల తిప్పి సోఫా వేసుకోవచ్చు. పడమటి గోడకు ఎనిమిదిన్నర అడుగులు తెగకుండా ఉంది. భోజనం బల్ల అక్కడ పడుతుంది.

జాగా వృథా సంగతి ఇక్కడే తేలుతుంది. మామూలుగా వృథా అనగానే మన వేలు ప్యాసేజీ మీదికి పోతుంది. ఈ ఇంట్లో ప్యాసేజీ ముప్ఫై ఒక్క చదరపు అడుగులు, రెండు ప్లాన్లలోనూ అంతే. కాబట్టి ప్యాసేజీని బట్టి పోలిస్తే రెండూ సమానమని తేల్చి పక్కన పెట్టేస్తాం. హాలును చూడండి. 216 చదరపు అడుగుల హాల్లో మొదటి ప్లాను దారులకే దాదాపు 105 అడుగులు పోయాయి. రెండో ప్లాన్లో దాదాపు 80. తేడా పాతిక అడుగులే కదా అనిపించవచ్చు, నిజమే. అయితే మిగిలిన జాగా ఏ ఆకారంలో మిగిలిందన్నది అంతకన్నా ముఖ్యం. మొదటిదాంట్లో అది ముక్కలు ముక్కలుగా, గోడకు ఆనని ద్వీపంలా నడిమధ్య మిగిలింది. రెండోదాంట్లో గోడలకు ఆనుకుని రెండు నిండు చతురస్రాలుగా మిగిలింది, ఒకటి కూర్చోడానికి, ఒకటి తినడానికి. కాగితం మీద దీన్ని తేల్చుకోవాలంటే నడక గీతలు పోగా మిగిలిన చోట పట్టే అతిపెద్ద దీర్ఘచతురస్రాన్ని ఒక్కో గదిలోనూ గీసి చూడండి. గది కొలత కన్నా ఆ చతురస్రం కొలతే ఆ గది అసలు పరిమాణం. అమ్మకపు కాగితాల్లో రాసే కార్పెట్ ఏరియా ఈ విషయం చెప్పదు. 2016 నాటి రెరా చట్టం ప్రకారం కార్పెట్ ఏరియాలో బయటి గోడలు, బాల్కనీ కలవవు గానీ లోపలి అడ్డుగోడలు, ప్యాసేజీలు, గదుల్లోంచి పోయే దారులు అన్నీ కలుస్తాయి. మన ఇంటికి అది 686 చదరపు అడుగులు, మొదటి ప్లానుకూ రెండో ప్లానుకూ తేడా లేకుండా. సూపర్ బిల్టప్ మాయ నుంచి ఆ అంకె మనల్ని కాపాడింది, అది మంచిదే. కానీ తలుపు ఎక్కడుందో ఆ అంకెకు తెలియదు.

ఇక వెలుగు. తలుపుకూ వెలుగుకూ ఏమిటి సంబంధమని అడగవచ్చు. వాయవ్యపు పడకగదిలోకి వెళ్దాం. దానికి ఉత్తరాన ఒక కిటికీ, పడమట ఒక కిటికీ. ఇందులో మంచం, ఆరడుగుల బట్టల బీరువా పట్టాలి. మంచం తలవైపు దక్షిణపు గోడకు వేస్తారు. బీరువా ఎక్కడ? మొదటి ప్లాన్లో తూర్పు గోడ నడుమ తలుపుంది. అటు నాలుగున్నర, ఇటు నాలుగున్నర అడుగులే గోడ. ఆరడుగుల బీరువా అక్కడ నిలబడదు. కాబట్టి అది ఉత్తరపు గోడకో పడమటి గోడకో పోతుంది. రెండూ కిటికీలున్న గోడలే. పన్నెండడుగుల గోడలో నాలుగడుగుల కిటికీ మధ్యలో ఉంటే దాని పక్కన మిగిలేది నాలుగే. ఆరడుగుల బీరువా కిటికీలో సగాన్ని మూసేస్తుంది. ప్లాన్లో రెండు కిటికీలున్న గది, కాపురం పెట్టాక ఒకటిన్నర కిటికీల గది అవుతుంది. రెండో ప్లాన్లో తలుపు గోడ చివరకు జరిగింది కాబట్టి ఎనిమిదిన్నర అడుగుల గోడ తెగకుండా దొరికింది. బీరువా అక్కడ నిలబడుతుంది, రెండు కిటికీలూ బతికిపోతాయి. వెలుగు పోవడం ఎక్కువ ఇళ్లలో ఇలాగే జరుగుతుంది. కిటికీ పెట్టడం ఎవరూ మర్చిపోరు. దాని ముందు బీరువా రాకుండా గోడ మిగల్చడమే మర్చిపోతారు. జాతీయ భవన నిర్మాణ నియమావళి, పొడి వేడి ప్రాంతాల్లో గది నేలలో పదో వంతు, తేమ వేడి ప్రాంతాల్లో ఆరో వంతు కిటికీలుండాలంటుంది. మన కోస్తా రెండో రకం. 144 అడుగుల ఈ గదికి ఆరో వంతంటే ఇరవై నాలుగు చదరపు అడుగులు. అందులోంచి బీరువా ఆరేడు అడుగులు మింగేస్తే కాగితం మీద నియమం నెగ్గుతుంది, గది మసక మసగ్గానే ఉంటుంది. పైగా జరిపే కిటికీలైతే వెలుగుకు అద్దమంతా పనికొచ్చినా, గాలికి సగమే తెరుచుకుంటుంది.

అయితే వెలుగు విషయంలో తలుపు చేయగలిగేదానికి హద్దుంది. అది ఉన్న వెలుగును కాపాడుతుందే గానీ లేని వెలుగును తేలేదు. ప్లాను బొమ్మలో నాలుగు వైపులా కిటికీలు ఒకేలా గీసి ఉంటాయి. నిజంలో అవి ఒకటి కావు. ఎందుకంటే బొమ్మ మన స్థలం హద్దు దగ్గర ఆగిపోతుంది, పక్కింటి గోడ అందులో ఉండదు. మన మూడడుగులూ పక్కవారి మూడడుగులూ కలిపి ఆరడుగుల సందు అనుకోండి. పక్కన ఒక అంతస్తు పైన ఇంకో అంతస్తు వేసి ఇరవై రెండడుగుల ఎత్తు లేపారు. మన కింది అంతస్తు కిటికీ నడిమి భాగం నేల నుంచి ఏడడుగుల ఎత్తులో ఉంటుంది. అక్కడి నుంచి చూస్తే ఆ గోడ 68 డిగ్రీల దాకా ఆకాశాన్ని కప్పేస్తుంది. తలెత్తి నిట్టనిలువుగా చూస్తే తప్ప ఆకాశం కనబడదు. అదే కిటికీ పై అంతస్తులో ఉంటే గోడ 40 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది, ఆకాశం సగానికి పైగా దక్కుతుంది. ఒకే ప్లాను, ఒకే కిటికీ, రెండు అంతస్తుల్లో రెండు వెలుగులు. కాబట్టి ప్రతి కిటికీ పక్కనా పెన్సిలుతో దాని ఎదుట ఏముందో రాయండి: రోడ్డు, సందు, పక్కింటి గోడ, ఇప్పుడు ఖాళీగా ఉన్నా రేపు కట్టబోయే స్థలం. ఫ్లాటైతే డక్టు. అలా రాశాక మన ఇంటి కింది అంతస్తులో నమ్మకమైన వెలుగు తూర్పున ఒక్కటే అని తేలుతుంది. ఆ వెలుగు ఎంత లోపలికి పోతుంది? కిటికీ పై అంచు ఎత్తుకు రెండు నుంచి రెండున్నర రెట్లు అన్నది వాడుకలో ఉన్న లెక్క. లింటెల్ ఏడడుగుల దగ్గరుంటే పద్నాలుగు నుంచి పదిహేడున్నర అడుగులు. పద్దెనిమిది అడుగుల హాల్లో చివరి భాగం, ఆ పక్కనున్న ప్యాసేజీ మసకబారతాయి. అక్కడ పగలే లైటు వేసుకోవాల్సి ఉంటుందని రెండు ప్లాన్లలోనూ ముందే రాసిపెట్టుకోవచ్చు. ఈ విషయంలో రెండోది మొదటిదాని కన్నా మెరుగేం కాదు.

దిక్కు బాణం సంగతి కూడా ఇక్కడే. అపార్టుమెంట్లలో ఒకే ఫ్లాటు ప్లానును కారిడారుకు ఎదుటి వైపు అద్దంలో ప్రతిబింబంలా తిప్పి వేస్తారు. బొమ్మలో చూస్తే రెండూ ఒకటే. బాణం చూస్తే ఒకదాని హాలు తూర్పుకు, ఇంకోదాని హాలు పడమటికి ఉంటుంది. దక్షిణపు ఎండకు మనం పెద్దగా భయపడక్కర్లేదు. హైదరాబాదులో డిసెంబరు మధ్యాహ్నం కూడా సూర్యుడు 49 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. రెండడుగుల సన్‌షేడ్ కిటికీలో పైనున్న రెండడుగులకు పైగా నీడ ఇస్తుంది, వేసవిలోనైతే సూర్యుడు నడినెత్తికి చేరువవుతాడు. పడమటి ఎండ అలా కాదు. మే నెల సాయంత్రం సూర్యుడు వాయవ్యం వైపు వాలి, కిందికి దిగి, సన్‌షేడ్ కింద నుంచి దూరిపోతాడు. అందుకని వెలుగు లెక్కలో పడమటి కిటికీ పక్కన, ఎదురుగా అడ్డు లేకపోతే, వేడి అని కూడా రాయాలి. ఎక్కువ వెలుగున్న ప్లానే ఎప్పుడూ మంచి ప్లాను కాదు.

ఇప్పుడు మీ మనసులో మెదిలే అభ్యంతరాలకు వస్తాను. మొదటిది వాస్తు. తలుపులు మన ఇష్టమా, వాస్తు చెప్పినచోట పెట్టాలి గానీ, అనవచ్చు. మన రెండు ప్లాన్లనూ మళ్లీ చూడండి. సింహద్వారం తూర్పు గోడలో ఈశాన్యం వైపు, వాస్తు చూసేవాళ్లు ఉచ్చమనే చోటే ఉంది. వంట ఆగ్నేయంలో ఉంది, పెద్దవాళ్ల గది నైరుతిలో ఉంది. ఇవేవీ కదల్లేదు. గది ఏ దిక్కున ఉండాలో వాస్తు గట్టిగా చెబుతుంది. గదికీ గదికీ మధ్య తలుపు గోడలో ఈ మూలకా ఆ మూలకా అన్న దగ్గర చాలాసార్లు చోటు వదులుతుంది. వాస్తు నమ్మేవారు, నమ్మనివారు ఇద్దరూ ఆ చోటునే వాడుకోవచ్చు. నమ్మేవారు పద్ధతి మాత్రం మార్చుకోవాలి. ముందు ఇంజినీరు ప్లాను గీసి, తర్వాత సిద్ధాంతిగారు తలుపులు జరిపితే నడక లెక్కంతా తారుమారవుతుంది. కచ్చితంగా ఉండాల్సినవి ముందే రాయించుకుని, మిగిలిన స్వేచ్ఛలో తలుపులు సర్దుకోవాలి.

రెండో అభ్యంతరం లోతైనది. మనుషులు ఒకరికొకరు ఎదురుపడకుండా దారులు వేరు చేయడమే మంచి ఇల్లా? ఇల్లంటే నలుగురూ కలిసే చోటు కదా? ఇది కొత్త ప్రశ్న కాదు. ప్లాను మీద నడక గీతలు గీసి పోల్చే పద్ధతిని 1920లలో బెర్లిన్‌లో అలెగ్జాండర్ క్లైన్ అనే ఆర్కిటెక్టు పట్టుదలగా అభివృద్ధి చేశాడు. 1928లో ఆయన ఒక మామూలు ప్లానునూ తన ప్లానునూ పక్కపక్కన పెట్టి, మొదటిదాంట్లో గీతలు చిక్కుపడ్డాయనీ తనదాంట్లో ఒకదాన్నొకటి కోసుకోవడం లేదనీ చూపించాడు. మనం ఇప్పుడు గీసిన గీతలకు మూలం అదే. దాని మీద 1978లో రాబిన్ ఎవాన్స్ అనే ఇంగ్లీషు చరిత్రకారుడు తలుపుల గురించీ ప్యాసేజీల గురించీ ఒక వ్యాసం రాశాడు. సాటి మనిషి ఎదురుపడటాన్నే రాపిడిగా లెక్కగట్టే ఇల్లు, కలిసి బతకడాన్ని తగ్గించేస్తుందన్నది ఆయన వాదన. గదిలోంచి గదిలోకి నడిచే పాత ఇళ్లను ఆయన గుర్తుచేశాడు. ఆ మాటలో సత్యముంది. ప్యాసేజీల మీద ప్యాసేజీలు పెట్టి ప్రతి గదినీ విడగొడితే ఇల్లు లాడ్జీ అవుతుంది. కానీ మన మండువా లోగిలిని చూడండి. గదులన్నీ మండువా చుట్టూ ఉన్న వసారాలోకే తెరుచుకునేవి. అందరూ అందరికీ ఎదురుపడేవారు. అయినా నడక వసారా అంచున సాగేది, మధ్య ఖాళీగా మిగిలేది, పైనుంచి వెలుగు అక్కడే దిగేది. కలవడమూ జరిగింది, దారి కూర్చునేచోటును కొయ్యకుండానూ ఉంది. మన రెండో ప్లాను కూడా ఎవరినీ ఎవరికీ కనబడకుండా చేయలేదు. వంటింట్లోంచి వచ్చే మనిషి హాల్లోకే వస్తుంది, మాట కలుపుతుంది. కూర్చున్నవారి కాళ్లకు అడ్డంగా నడవదు, అంతే తేడా. మరి ఇంత చక్కగా తలుపులన్నీ ఒకచోట చేర్చాక, వంటగది తలుపును ఇంకాస్త జరిపి ఏకంగా ప్యాసేజీలోకే తెరిస్తే మరో మూడడుగుల గోడ కలిసొస్తుంది కదా అనిపిస్తుంది. లెక్కకు అది సరే. కానీ అప్పుడది బాత్రూం తలుపు పక్కకు, అడుగు దూరానికి చేరుతుంది. ఏ ఇల్లాలూ ఒప్పుకోదు, ఒప్పుకోకపోవడమే సబబు. నడక లెక్క ఒక సాక్ష్యమే, తీర్పు కాదు.

ప్యాసేజీ లేని ప్లానే మేలు కదా అన్నది ఇంకో మాట. మన ప్యాసేజీ తీసేసి ఆ జాగా హాల్లో కలిపామనుకోండి. బాత్రూం తలుపు భోజనం బల్ల ఎదుట తెరుచుకుంటుంది, నైరుతి పడకగదిలోని మంచం హాల్లోంచి కనిపిస్తుంది. ఆ ముప్ఫై ఒక్క అడుగులూ మాయం కావు, హాల్లో దారిగా మారతాయి. దారి ఎక్కడో ఒకచోట ఉండాల్సిందే. దానికి పేరు పెట్టి పక్కన ఉంచామా, పేరు లేకుండా హాలు నడుమ ఉంచామా అన్నదే తేడా. పైగా ప్యాసేజీ మీద ఏడడుగుల ఎత్తున అటక వేస్తే ముప్ఫై అడుగుల సామాను పైకి పోతుంది. హాలు మీద అటక వేయలేం. ఒక ప్యాసేజీ వృథానా కాదా తేల్చుకోవడానికి దానిలోకీ దాని అంచుకూ ఎన్ని తలుపులు చేరాయో లెక్కపెట్టండి. మొదటి ప్లాన్లో రెండు తలుపులే, నైరుతి గదిదీ బాత్రూందీ. రెండోదాంట్లో వంటగది, వాయవ్యపు గది కూడా దాని మూతి దగ్గరకు చేరాయి, మొత్తం నాలుగు. పది పదిహేనడుగుల పొడవు సాగి చివర ఒకే గదికి చేర్చే ప్యాసేజీ కనబడితే, దాన్ని నిస్సందేహంగా వృథా కింద రాయండి.

ఇవన్నీ సొంతంగా కట్టుకునేవాళ్లకు, ఫ్లాటు కొనేవాళ్లకు ఎక్కడిదా స్వేచ్ఛ అనవచ్చు. ఎంచుకునే స్వేచ్ఛ వాళ్లకూ ఉంది. ఒకే ధరలో, ఒకే కార్పెట్ ఏరియాలో ఉన్న రెండు ఫ్లాట్లలో ఏది మేలో ఈ గీతలు చెబుతాయి. మార్చుకునే స్వేచ్ఛ కట్టడం రకాన్ని బట్టి ఉంటుంది. కాలమ్స్, బీములతో లేపి మధ్యలో ఇటుకతో గోడలు కట్టే ఇంట్లో లోపలి తలుపు నాలుగడుగులు జరపడం, ఆ గోడ మొదలుపెట్టక ముందు మేస్త్రీకి ఒక మాట. లింటెల్ పోశాకైతే గోడ పగలగొట్టడం, కరెంటు పైపులు తిప్పడం, మళ్లీ పూత. ఇక ఈ మధ్య పెద్ద అపార్టుమెంట్లలో మైవాన్ అని పిలిచే అల్యూమినియం షట్టరింగుతో గోడలు కూడా కాంక్రీటులోనే పోస్తున్నారు. అక్కడ చాలా గోడలు భవనం బరువు మోసేవే. తలుపు జరపడం కుదరదు, కన్నం పెట్టడం కూడా ప్రమాదమే. అలాంటిచోట కొనేముందు ప్లాను చూడటమే మొదటి అవకాశం, చివరి అవకాశం కూడా. కనుక బుకింగుకు ముందే గోడలు దేనితో కడుతున్నారో అడిగి తెలుసుకోవాలి.

కాగితం చెప్పలేనివీ ఉన్నాయి. పైకప్పు ఎత్తు, రోడ్డు మీది చప్పుడు, పక్కింటి వంటింటి వాసన ప్లాన్లో కనబడవు. స్థలం దగ్గరికి ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి వెళ్లి చూసుకోవాల్సిందే. కాగితం చెప్పగలిగినంతవరకు మాత్రం వరస ఇది. రెండు ప్లాన్లనూ ఒకే స్కేలులోకి తెచ్చి, దిక్కు బాణం సరిచూసుకుని, ప్రతి కిటికీ ఎదుట ఏముందో రాయండి. రోజూ ఎక్కువసార్లు తిరిగే దారిని లావుగా గీయండి. అసలు కొలతల్లో మంచం, బీరువా, సోఫా, బల్ల పెట్టి, ఏ సామానైనా కిటికీని మూసిందా, ఏ దారికైనా అడ్డొచ్చిందా చూడండి. అడ్డొస్తే సామాను మార్చే ముందు, గది పెంచమని అడిగే ముందు, పెన్సిలుతో గీసిన తలుపును చెరిపి గోడ చివరకు జరిపి చూడండి. మన ఇంట్లో అలా జరిపింది రెండు తలుపుల్నే. ఒక్క ఇటుక ఎక్కువ పడలేదు, ఒక్క అడుగు స్థలం పెరగలేదు. గది పెద్దదా చిన్నదా అన్న ప్రశ్న ఆ తర్వాత అడగండి. అప్పటికి ఏ గది నిజంగా పెంచాల్సి ఉందో మీకే తెలిసిపోతుంది.